ఎప్పటికి చెబుతారో అడగడానికి భయమెందుకు?

ఇంటర్వ్యూ నుంచి వచ్చిన పిల్లల్ని చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. పిల్లల మీద కాదు, వాళ్లని అలా తయారుచేసిన కాలం మీద. ఆఖరి రౌండ్ కూడా అయిపోయిందంటారు, బాగా చేశామంటారు, ఆ రోజు నుంచి ఫోను పక్కన పెట్టరు. అన్నం తింటూ మెయిల్ తీస్తారు, నిద్రలో లేచి తీస్తారు. "ఏమన్నారురా?" అంటే "గెట్ బ్యాక్ అవుతామన్నారు తాతయ్యా" అంటారు. ఎప్పుడని అడిగావా అంటే అడగలేదట. అడిగితే ఉద్యోగానికి మొహం వాచి ఉన్నాడనుకుంటారట, జీతం తగ్గించేస్తారట. హైదరాబాదులో మా కాలనీలో ఏ ఇంట్లో చూసినా ఇదే మాట.

మా రోజుల్లో ఈ భయం లేదు. నేను పనిచేసింది హైదరాబాదు శివార్లలోని ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో, అదీ పర్సనల్ డిపార్ట్‌మెంటులో. ఇప్పుడు హెచ్ఆర్ అంటున్నారే, అదే. కాబట్టి ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు నేను చెప్పబోయేది. బల్లకి అవతల కూర్చున్నవాడిని, కాల్ లెటర్లు సంతకం పెట్టి పంపినవాడిని.

అప్పట్లో కాల్ లెటరు మీద ఒక నంబరు, ఒక తేదీ ఉండేవి. అభ్యర్థి ఎక్కడికి రావాలి, ఏ సర్టిఫికెట్లు తేవాలి, పై ఊరి నుంచి వస్తే రెండో తరగతి రైలు చార్జీ ఎలా ఇస్తాం, అన్నీ అందులోనే రాసేవాళ్లం. ఇంటర్వ్యూలు అయిపోయాక సెలక్షన్ కమిటీ ఒక ప్యానెల్ తయారుచేసేది. అయిదు ఖాళీలుంటే మొదటి అయిదుగురూ ఎంపికైనవాళ్లు, ఆ తరవాతి వాళ్లు వెయిటింగ్ లిస్టు. ఆ ప్యానెల్‌కి మా దగ్గర ఏడాది గడువు. గేటు దగ్గర నోటీసు బోర్డు మీద జాబితా పెట్టేవాళ్లం. ఏడో నంబరు వాడికి తాను ఏడో వాడినని తెలుసు. పైవాళ్లలో ఇద్దరు చేరకపోతే తనకి పిలుపొస్తుందని తెలుసు, ఏడాది దాటితే ఆ ఆశ వదులుకోవాలనీ తెలుసు. అందుకే ఆ కుర్రాడు ఇంటికెళ్లి ఇంకో దరఖాస్తు పెట్టుకునేవాడు, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజిలో కార్డు రెన్యువల్ చేయించుకునేవాడు. పోస్ట్‌మన్ కోసం ఎదురుచూడటం ఉండేది, లేకపోలేదు. అయితే దేనికోసం ఎదురుచూస్తున్నాడో వాడికి తెలిసేది.

ఇక అడగడమంటారా, జవాబు కార్డు అని ఒకటుండేది. రెండు పోస్టుకార్డులు జంటగా అతికి వచ్చేవి. ఒకదాని మీద మనం రాసి, రెండోదాని మీద మన చిరునామా మనమే రాసి పంపితే, అవతలివాళ్లు ఆ రెండోది చింపి జవాబు రాసి పోస్టులో వేసేవాళ్లు. అభ్యర్థులు దాని మీద ఏం రాసేవాళ్లో నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. 'తమరి లేఖ నంబరు ఫలానా, తేదీ ఫలానా. ఆ ప్రకారం ఫలానా తేదీన ఇంటర్వ్యూకి హాజరయ్యాను. ఫలితం ఎప్పటికి వెలువడుతుందో తెలియజేయ ప్రార్థన.' అంతే. ఆ కార్డు చూసి వీడికెంత కంగారో అని మాలో ఒక్కరూ అనుకోలేదు. అది ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కేది, దానికో నంబరు పడేది, గుమస్తా ఫైలు తీసి నా ముందు పెట్టేవాడు, 'కమిటీ నివేదిక ఇంకా అందలేదు, ఈ నెలాఖరుకి తెలుస్తుంది' అని రెండు ముక్కలు రాసి పంపేవాళ్లం. ఎంపిక కానివాళ్లకీ ఉత్తరం వెళ్లేది. ఆ ఉత్తరం ఎవరికీ ఇష్టం ఉండదు, నిజమే. అది అందినవాడు మాత్రం ఆ రాత్రి ఏడ్చి, మర్నాడు లేచి ఇంకో పని చూసుకునేవాడు.

ఆ రోజుల్లో అంతా ధర్మంగా నడిచిందని నేననను. ఉత్తరాలు వారాలు పట్టేవి. సిఫార్సులు ఉండేవి. తంతి ఆలస్యమై చేరాల్సిన తేదీ దాటిపోయినవాళ్లున్నారు. ఆ తంతి కూడా 2013 జులైలో ఆగిపోయింది, దాని గురించి బెంగ లేదు. నేను బాధపడేది ఒక్కదాని గురించే. అభ్యర్థికి ఏమీ చెప్పకుండా ఉండటం అప్పట్లో ఆఫీసు అలసత్వం కింద లెక్క, పైవాడు అడిగితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన విషయం. ఇప్పుడు అదే మామూలైంది. పైపెచ్చు, అడిగినవాడిదే తప్పన్నట్టు పిల్లల బుర్రల్లోకి ఎక్కించారు.

ఎందుకిలా అయిందో మా మనవరాలికి చెప్పాను, ఇక్కడా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే భయం సగం పోతుంది. వెయిటింగ్ లిస్టు ఎక్కడికీ పోలేదు. దాన్ని నోటీసు బోర్డు మీంచి తీసి దాచేశారు, అంతే. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలాచోట్ల నోటీసు పీరియడ్ తొంభై రోజులు. ఈరోజు ఆఫర్ ఇస్తే మనిషి వచ్చేది మూడు నెలలకి. ఆ మూడు నెలల్లో వాడు ఈ ఆఫర్ చూపించి ఇంకోచోట ఎక్కువ జీతానికి బేరం పెట్టవచ్చు, చేరే రోజు పొద్దున ఫోను ఆపేయవచ్చు. ఇలా చేసేవాళ్లు ఒకరిద్దరు కాదు. దాంతో కంపెనీ ఏం చేస్తుందంటే, మొదటివాడికి ఆఫర్ ఇచ్చి రెండోవాడిని అట్టేపెట్టుకుంటుంది. రెండోవాడికి 'నువ్వు రెండోవాడివి' అని చెబితే వాడు వెళ్లిపోతాడు. 'నీకు రాలేదు' అని చెప్పేస్తే, మొదటివాడు ఎగ్గొట్టినప్పుడు మళ్లీ పిలవడం కష్టం. అందుకని ఏమీ చెప్పరు. ఆ మౌనం చాలాసార్లు వెయిటింగ్ లిస్టే. మేం బోర్డు మీద అంకెతో రాసిపెట్టినదాన్ని వీళ్లు నోరు మూసుకుని నడుపుతున్నారు.

అన్నిసార్లూ అదే కారణమనీ అనుకోకూడదు. ఆఖరి రౌండ్ అయ్యాక లోపల చాలా తతంగం ఉంటుంది. ఇంటర్వ్యూ చేసిన ప్రతివాడూ తన అభిప్రాయం పోర్టల్‌లో రాయాలి, నలుగురిలో ఒకడు సెలవులో ఉంటే అక్కడే ఆగుతుంది. అదే పోస్టుకి ఇంకో ఇద్దరిని చూడాల్సి ఉండవచ్చు, వాళ్లని చూసేదాకా మొదట వచ్చినవాడికి జవాబుండదు. అందరూ సరేనన్నాక జీతం ఎంతివ్వాలన్నది తేలాలి, అది ఆ స్థాయికి పెట్టుకున్న హద్దులో ఉందా అని హెచ్ఆర్ చూడాలి, మేనేజరు పైన ఇంకో మేనేజరు, ఆపైన ఫైనాన్సు ఒప్పుకోవాలి. ఈ మెట్లన్నీ ఎక్కాకే ఆఫర్ లెటర్. మూడు నెలలకోసారి బడ్జెట్ తిరగేసే కంపెనీలో ఆ త్రైమాసికం చివర్లో పడితే పోస్టునే ఆపేయవచ్చు. దీన్ని వాళ్లు 'హోల్డ్'లో పెట్టామంటారు.

మన ఫైలు ఏ మెట్టు మీదుందో బయటి నుంచి కొంత పసిగట్టవచ్చు. గత మూడు నెలల పే స్లిప్పులు, ప్రస్తుత ఆఫర్ లెటరు, పాన్ కార్డు పంపమన్నారంటే జీతం లెక్క మొదలైందని అర్థం. అప్పుడు ఆలస్యమైతే చాలామటుకు సంతకాల ఆలస్యమే. ఆఖరి రౌండ్ అయి రెండు వారాలు దాటినా ఒక్క కాగితం అడగలేదంటే, ఇంకా ఎవరినో చూస్తున్నారు, లేదా మీరు వెయిటింగ్‌లో ఉన్నారు. ఇది ఖాయమని చెప్పలేం. కొన్ని కంపెనీలు మొదటి రౌండుకి ముందే కాగితాలన్నీ తీసేసుకుంటాయి. అలాంటి చోట ఈ గుర్తు పనిచేయదు. అప్పుడు అడగడమొక్కటే దారి.

అడగడం ఇంటర్వ్యూ అయ్యాక మొదలవుతుందనుకుంటారు పిల్లలు. మొదలవ్వాల్సింది ఇంటర్వ్యూ గదిలోనే, ఇప్పుడైతే ఆ వీడియో కాల్‌లోనే. చివర్లో 'మీరేమైనా అడగాలనుకుంటున్నారా?' అంటారు కదా, అక్కడ. మా మనవరాలు ఆ సందర్భంలో కంపెనీ సంస్కృతి గురించి ఏదో అడిగేదట. అది అడగనీ, ఎవరొద్దన్నారు? దాని తరవాత మూడు మాటలు తప్పకుండా అడగాలి. దీని తరవాత ఇంకేమైనా రౌండ్లు ఉన్నాయా? నిర్ణయం ఎప్పటికల్లా చెప్పాలనుకుంటున్నారు? ఆ తేదీకి కబురు రాకపోతే నేనెవరికి రాయాలి? ఈ మూడో ప్రశ్న ఎంత విలువైనదో ఎవరూ గమనించరు. 'నాకే రాయమ్మా' అని అవతలివాడి నోటి నుంచి వచ్చిందంటే, రేపు మనం రాసేది వాడు చెప్పిన పనే అవుతుంది. చొరబాటు కాదు. వాడు తేదీ చెప్పలేకపోతే, చెప్పలేదన్నదీ మనకో సమాచారమే.

ఆ సాయంత్రమే రెండు మూడు వాక్యాల మెయిల్ పంపాలి. కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. అసలు పని వేరే ఉంది. వాళ్లు నోటితో చెప్పిన తేదీని మనం రాతలో పెట్టాలి. 'మీరు చెప్పినట్టు వచ్చే శుక్రవారం లోపు కబురు కోసం చూస్తాను' అన్న వాక్యం అందులో ఉండాలి. మా రోజుల్లో కాల్ లెటరు నంబరు చేసిన పని ఇప్పుడు ఈ వాక్యం చేస్తుంది. రేపు అడిగేటప్పుడు దీన్ని ఉటంకించి అడుగుతాం. మన ఆత్రం మీద ఆధారపడి కాదు, వాళ్ల మాట మీద ఆధారపడి అడుగుతాం. అడిగినవాడు తొందరపడుతున్నట్టు ఎందుకు కనిపిస్తాడో, ఎందుకు కనిపించడో, తేడా మొత్తం ఇక్కడే ఉంది.

నేను బల్లకి అవతల కూర్చున్నంత కాలం చూసింది ఇదే. 'నా సంగతి ఏమైంది?' అని అడిగినవాడు కంగారుగా కనిపిస్తాడు. 'ఫలితం ఏ తేదీకి?' అని అడిగినవాడు పద్ధతి గలవాడిగా కనిపిస్తాడు. లోపల ఇద్దరికీ ఒకటే గుబులు. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పాలంటే హెచ్ఆర్ మనిషి అవుననో కాదనో అనాలి. ఆ అధికారం తనకి లేదు, అందుకని తప్పించుకుంటాడు. రెండోదానికి జవాబు తన చేతిలో ఉంది. తేలిగ్గా చెప్పగలిగింది అడిగితే మనుషులు చెబుతారు.

ఇప్పటి పిల్లలు రాసే మెయిల్స్ కొన్ని నేను చూశాను. 'ఎనీ అప్‌డేట్?' అని రెండే ముక్కలు, అదీ కొత్త మెయిల్‌గా, కింద పాత ఉత్తరం ఏదీ లేకుండా. హెచ్ఆర్ మనిషి చేతిలో ఒకేసారి పదుల పోస్టులుంటాయి. ఈ అమ్మాయి ఎవరు, ఏ పోస్టు, ఎప్పుడు వచ్చిందని వెతకాలి. వెతకడం కంటే వదిలేయడం సులువు. కొందరు 'జెంటిల్ రిమైండర్' అని మొదలుపెడతారు. బాకీదారుకి రాసే మాట అది. ఇంకొందరు వాట్సాప్‌లో రాత్రి పదింటికి పంపి, నీలం టిక్కులు పడ్డాయా లేదా అని చూస్తూ కూర్చుంటారు. మరికొందరు హెచ్ఆర్ పలకలేదని ఇంటర్వ్యూ చేసిన ఇంజినీరుకి లింక్డ్ఇన్‌లో రాస్తారు, అతని పై అధికారికీ రాస్తారు. ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకున్నప్పుడు ఆ అమ్మాయి పేరు ఎలా వినపడుతుందో ఆలోచించండి. ఒక మనిషి, ఒక మెయిల్ వరస, అదీ పగలు. ఇంతకుమించి అక్కర్లేదు.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవాళ్ల సంగతి వేరు. వాళ్లు కంపెనీకి నేరుగా రాయకూడదు. కన్సల్టెంటునే అడగాలి. అక్కడ అడగాల్సిన ప్రశ్న కూడా మారుతుంది: 'కంపెనీ నుంచి మీకు ఆఖరిసారి కబురు వచ్చిందెప్పుడు?' అని. దానికి తేదీ చెప్పగలిగితే అతను పని చేస్తున్నట్టు. చెప్పలేకపోతే అతనూ మీలాగే చీకట్లో ఉన్నాడు.

మా మనవరాలి సంగతి 2025 అక్టోబరుది. ఆ నెల 9, గురువారం, ఒక కంపెనీలో ఆఖరి రౌండ్ అయింది. అంతకుముందే ఇంకో కంపెనీ ఆఫర్ చేతిలో ఉంది. దానికి 27, సోమవారం లోపు ఒప్పుకుంటున్నానని చెప్పాలి. తనకి మనసు మొదటిదాని మీదే. నేను చెప్పినట్టు గదిలోనే తేదీ అడిగింది. 'వచ్చే వారం ఆఖరుకి' అన్నారు, అంటే 17, శుక్రవారం. ఆ సాయంత్రమే తేదీ రాసి మెయిల్ పెట్టింది. శుక్రవారం దాటింది, కబురు లేదు. శనివారం రాత్రి మెయిల్ టైప్ చేసి నాకు చూపించింది, పంపేస్తానంది. ఆగమన్నాను. సోమవారం 20న దీపావళి. శనివారం రాత్రి పంపిన మెయిల్ మంగళవారానికి వాళ్ల పెట్టెలో అడుక్కి పోతుంది. పైగా, చెప్పిన తేదీ తరవాత ఒకటి రెండు పనిదినాలు వాళ్లకి వదలడం న్యాయం. పండగ సెలవు నుంచి వచ్చినవాళ్లు మంగళవారమంతా పోగుపడిన పని చూసుకుంటారు, బుధవారం 22 పొద్దున పదిన్నరకి పంపమన్నాను. అలాగే పంపింది.

తను ఇంగ్లిష్‌లో రాసిందాని సారం ఇది. పాత మెయిల్ కిందే, అదే వరసలో, పోస్టు నంబరుతో సహా:

'నమస్తే. ఈ నెల 9న ఈ పోస్టుకి ఆఖరి రౌండులో మాట్లాడాను. 17లోపు కబురు ఉంటుందని మీరు చెప్పారు. పండగ రోజులు కాబట్టి కొంత ఆలస్యం అయి ఉండవచ్చు. నిర్ణయం ఏ తేదీకి తెలియవచ్చో చెప్పగలరా? నాకు ఇంకో ఆఫర్ ఉంది, దానికి 27లోపు జవాబు చెప్పాలి. మీ పోస్టు నాకు ఇష్టం, అందుకే జవాబు చెప్పేముందు మీకు తెలియజేస్తున్నాను. నా వైపు నుంచి ఏ కాగితాలు కావాలన్నా ఈ రోజే పంపగలను.'

మొదట తను రాసిన దాంట్లో 'ఎంతో ఆశగా ఎదురుచూస్తున్నాను', 'దయచేసి', 'ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి' అని మూడుచోట్ల ఉంది. అవన్నీ కొట్టేయించాను. ఇబ్బంది ఎవరు ఎవరిని పెట్టారు? చెప్పిన తేదీ దాటింది వాళ్లు. నిందించమని చెప్పట్లేదు, క్షమాపణ అడగాల్సిన అవసరం లేదంటున్నాను. ఇంకో ఆఫర్ సంగతి నిజం కాబట్టి రాయించాను. లేని ఆఫర్ ఉన్నట్టు రాసేవాళ్లున్నారు. హెచ్ఆర్ వెంటనే 'ఆ లెటర్ పంపండి' అంటారు, అక్కడితో కథ ముగుస్తుంది. చేతిలో ఏ ఆఫరూ లేనివాళ్లు తమ సొంత తేదీ ఏదైనా ఉంటే అది రాయవచ్చు. నోటీసు పీరియడ్ ఎప్పటితో ముగుస్తుందో, ఫలానా వారం ఊళ్లో ఉండరనో. అదీ లేకపోతే తేదీ ఒక్కటి అడిగి ఊరుకోవడమే మంచిది.

ఆ సాయంత్రమే జవాబొచ్చింది. అభిప్రాయాలన్నీ బాగున్నాయి, ఫైనాన్సు ఆమోదం కోసం ఆగింది, 28కి తెలుస్తుంది అన్నారు. తన ఆఫర్ గడువు 27. ఒక్క రోజు తేడా. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, బాగున్నాయన్న మాట పట్టుకుని చేతిలో ఉన్నదాన్ని వదిలేస్తారు. నేను ఒప్పుకోలేదు. అభిప్రాయాలు బాగుండటం వేరు, ఫైనాన్సు సంతకం వేరు. రెండో కంపెనీకి ఫోను చేసి, 'ఆలోచించుకోవడానికి 29, బుధవారం దాకా సమయం ఇవ్వగలరా?' అని అడగమన్నాను. ఇచ్చారు. రెండు రోజులు అడిగితే చాలామంది కాదనరు. రెండు వారాలు అడిగితే ఎవరూ ఇవ్వరు.

28 సాయంత్రం దాకా మొదటి కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. 29 పొద్దున పదకొండింటికి ఒక్కసారి ఫోను చేసింది. ఫోను ఇక్కడ తప్పు కాదు, తేదీ వాళ్లిచ్చిందే, దాటిందీ వాళ్లే, తన గడువు ఆ రోజుతో సరి. హెచ్ఆర్ అమ్మాయి పాపం ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ పోస్టుని వచ్చే త్రైమాసికం దాకా ఆపారట, తనకీ అంతకుముందు రోజు రాత్రే తెలిసిందట. మా మనవరాలు మధ్యాహ్నానికి రెండో ఆఫర్ ఒప్పుకుంది. తేదీ అడక్కుండా కూర్చుని ఉంటే రెండూ పోయేవి.

ఆ హెచ్ఆర్ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె పైన ఉన్నవాళ్ల మీద కోపం. 'పోస్టు ఆపాం' అన్న రెండు ముక్కలు రాసి పంపడానికి ఎంతసేపు పడుతుంది? కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి దీనికి చట్టమే పెట్టారు. పాతికమందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న కంపెనీ, ప్రకటన ఇచ్చి పిలిచిన పోస్టుకి ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే, ఆఖరి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లోపు నిర్ణయం అయిందో లేదో ఆ అభ్యర్థికి చెప్పి తీరాలి. టొరంటోలో ఉన్న మన తెలుగు పిల్లలకి ఆ హక్కు వచ్చింది. మనకి 1959లోనే ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజికి తెలియజేయాలనే చట్టం వచ్చింది. సర్కారు నియామకాల్లో ఏమైందో తెలుసుకోవడానికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ప్రైవేటు కంపెనీలో ఇంటర్వ్యూకి కూర్చుని వచ్చినవాడికి మాత్రం ఏ దిక్కూ లేదు. వాళ్లకై వాళ్లు చెబితేనే. అందుకే పిల్లలు అడగడం నేర్చుకోవాలంటున్నాను.

ఎన్నిసార్లు అడగాలన్నదీ చెబుతాను, ఎందుకంటే దీనిమీద ఇంట్లో రోజూ వాదనే. చెప్పిన తేదీ దాటాక ఒక మెయిల్. దానికి జవాబు లేకపోతే వారం ఆగి, అదే వరసలో ఇంకొకటి, లేదా పనివేళల్లో ఒక ఫోను. దానికీ పలక్కపోతే ఆ పోస్టు మనది కాదని మనసులో అనుకుని మిగతావి చూసుకోవాలి. మూడోసారి అడిగితే కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. వాళ్లు కొత్త తేదీ చెప్పినప్పుడు లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఈ మధ్యలో ఇంకోచోట ఇంటర్వ్యూలు ఆపకూడదు. ఒక్క కంపెనీ కోసం అన్నీ మానుకుని కూర్చున్నవాడి మెయిల్‌లో, ఎంత జాగ్రత్తగా రాసినా, ఆ ఎదురుచూపు కనిపిస్తుంది. నాలుగుచోట్ల వెళ్తున్నవాడు మామూలుగా రాసినా నిదానంగానే ఉంటుంది.

రెండో ఆఫర్ ఒప్పుకున్న రోజే మా మనవరాలి చేత మొదటి కంపెనీకి ఇంకో మెయిల్ రాయించాను. తాను ఇంకోచోట చేరుతున్నానని, ఈ పోస్టు మళ్లీ తెరిచినప్పుడు తన పేరు పరిశీలించనక్కర్లేదని, రెండు వాక్యాలు. 'వాళ్లు నాకు సరిగా చెప్పలేదు, నేనెందుకు చెప్పాలి తాతయ్యా?' అంది. వాళ్ల జాబితాలో తన వెనక ఇంకొకరు ఉండి ఉంటారు, ఈ మెయిల్ వాళ్ల కోసమన్నాను. 'నోటెడ్' అని ఒక్క ముక్క జవాబొచ్చింది. మా ఆఫీసులో అయితే అలాంటి ఉత్తరానికి ఆ పూటే ఇన్‌వర్డ్ నంబరు పడేది, ప్యానెల్‌లో తరవాతి పేరు పైకి జరిగేది, ఆ మనిషికి కబురు వెళ్లేది. ఇప్పుడు ఆ తరవాతి మనిషి ఎవరో, తన వంతు ఒక మెట్టు పైకి జరిగిందని వాడికి ఎవరైనా చెప్పారో లేదో, కనుక్కుందామన్నా అడగడానికి ఒక నోటీసు బోర్డైనా లేదు.